చెవి వెనక ఎముకను ఎప్పుడు తెరవాలి: మాస్టాయిడైటిస్ చికిత్స నడిచిన దారి

చెవిపోటుతో రెండు రాత్రులు ఏడ్చిన పిల్లాడికి చెవి కారడం మొదలవగానే నొప్పి తగ్గుతుంది. కర్ణభేరికి చిల్లుపడి, లోపల నిండిన చీముకు దారి దొరుకుతుంది కాబట్టి అలా జరుగుతుంది. ఇంట్లోవాళ్లు గండం గడిచిందనుకుంటారు. చాలామంది పిల్లలకు నిజంగానే గడుస్తుంది. కొందరికి మాత్రం వారం పది రోజుల్లో జ్వరం తిరగబెట్టి, చెవి వెనక ఎర్రగా ఉబ్బి, చెవి దొప్ప ముందుకు తోసినట్టు నిక్కుతుంది. దాన్నే మాస్టాయిడైటిస్ అంటారు.

చెవి వెనక వేలికి గట్టిగా తగిలే ఎముక లోపల గట్టిగా ఉండదు. తేనెపట్టులా గాలి గదులుంటాయి. వాటిలో పెద్దదైన యాంట్రమ్‌ను మధ్య చెవితో కలిపేది ఒక సన్నని దారి. ఇన్ఫెక్షన్‌తో పొర వాచి ఆ దారి మూసుకుంటే చీము లోపలే చిక్కుకుంటుంది. ఒత్తిడి పెరిగి గదుల మధ్య గోడలు కరిగిపోతాయి. ఆ తర్వాత చీము బయటికి తన్నుకొస్తే చర్మం కింద గడ్డ కడుతుంది. లోపలికి వెళితే మెదడు పొరల దగ్గరికి చేరుతుంది.

చిక్కుకున్న చీమును ఎముక తెరిచి తీయవచ్చని 18వ శతాబ్దంలోనే పారిస్ సర్జన్ జాన్ లూయీ పెటిట్ చూపించాడు. కానీ 1791లో డెన్మార్క్ రాజవైద్యుడు ఫాన్ బెర్గర్ ఇదే ఆపరేషన్ చేయించుకుని, కొద్ది రోజులకే మెదడు పొరల వాపుతో చనిపోయాడు. ఆయనకున్నది చీము కాదు, వినికిడి లోపం, చెవిలో హోరు. అవసరం లేని చోట చేసిన ఆపరేషన్‌కు వచ్చిన చెడ్డపేరు, అవసరమైన చోటా దాన్ని దశాబ్దాలపాటు మూలన పడేసింది. 1873లో జర్మనీలోని హాలే నగరంలో హెర్మన్ ష్వార్ట్‌జే, అడాల్ఫ్ ఐసెల్ ఈ ఆపరేషన్ ఎవరికి చేయాలో, ఎలా చేయాలో పద్ధతిగా రాశాకే వైద్యులు మళ్లీ ధైర్యం చేశారు.

1930లలో సల్ఫా మందులు, 1940లలో పెన్సిలిన్ వచ్చాక ఈ ఆపరేషన్లు బాగా తగ్గాయి. దానితోపాటే కొత్త చిక్కు వచ్చింది. యాంటీబయోటిక్ రెండు రోజులు తాగించి, జ్వరం తగ్గగానే ఆపేస్తే, కర్ణభేరి మామూలుగా కనిపిస్తున్నా లోపల ఎముక కరుగుతూనే ఉండవచ్చు. దీన్ని ముసుగు మాస్టాయిడైటిస్ అంటారు. మా దృష్టిలో అసలు మందు వాడకపోవడం కంటే ఈ అరకొర వాడకమే ఎక్కువగా మోసం చేస్తుంది. 12 కిలోల బిడ్డకు చెవి ఇన్ఫెక్షన్‌కు అమాక్సిసిలిన్ కిలోకు 80 నుంచి 90 మిల్లీగ్రాముల లెక్కన, అంటే రోజుకు సుమారు 1 గ్రాము, రెండు విడతలుగా పడాలి. రెండేళ్లలోపు పిల్లలకు సాధారణంగా 10 రోజులు.

మన ఇళ్లలో ఈ వాపును గవదబిళ్ళలనుకుని పట్టు వేయడం ఇంకో పొరపాటు. గవదల వాపు చెవి ముందు, తమ్మె కింద వచ్చి తమ్మెను పైకి లేపుతుంది. మాస్టాయిడ్ వాపు చెవి వెనక ఎముక మీద ఉంటుంది, అక్కడ నొక్కితే పిల్లాడు గిలగిల్లాడతాడు. కారే చెవిలో నూనె పోయడమూ తగదు.

అదే 12 కిలోల బిడ్డ చెవి వెనక వాపుతో వస్తే ఆస్పత్రిలో చేర్చాల్సిందే. సెఫ్ట్రియాక్సోన్ కిలోకు 75 మిల్లీగ్రాముల లెక్కన రోజుకు 900 మిల్లీగ్రాములు నరంలోకి ఇస్తారు. మెదడుకు పాకిందన్న అనుమానముంటే మోతాదు పెంచుతారు. మత్తు ఇచ్చి కర్ణభేరికి చిన్న గాటు పెట్టి చీము తీసి, అందులో ఏ క్రిమి ఉందో తెలుసుకోవడానికి కల్చర్ పరీక్షకు పంపి, చాలాసార్లు అక్కడే గ్రోమెట్ అనే చిన్న గొట్టం అమరుస్తారు. ఎముక దాకా పోకుండానే ఒత్తిడి దిగుతుంది. చర్మం కింద గడ్డ ఉంటే దాన్నీ కోసి ఖాళీ చేస్తారు.

ఆ తర్వాతి 48 గంటలు ముఖ్యం. జ్వరం, వాపు దిగకపోతే నరంలోకి రంగు మందు ఎక్కించి చేసే కాంట్రాస్ట్ సీటీ స్కాన్ తీసి, గదుల గోడలు కరిగాయా, పక్కనున్న పెద్ద సిరలో రక్తం గడ్డకట్టిందా అని చూస్తారు. మూతి వంకరపోవడం, మగత, ఆగని వాంతులు, మెడ బిగుసుకోవడం, చలితో ఎగిసిపడే జ్వరం ఉంటే ఆ 48 గంటలూ ఆగకూడదు.

గోడలు కరిగితే ష్వార్ట్‌జే చెప్పిన ఆపరేషనే చేయాలి. ఆనాటి ఉలి, సుత్తి బదులు ఇప్పుడు డ్రిల్లు, మైక్రోస్కోపు వాడతారు. రెండేళ్లలోపు పిల్లల్లో ఒక జాగ్రత్త తప్పనిసరి. వాళ్లకు ఎముక కింది కొన ఇంకా ఎదగదు కాబట్టి ముఖాన్ని కదిలించే నరం చర్మానికి చాలా దగ్గరగా ఉంటుంది. పెద్దవాళ్లకు పెట్టినట్టు గాటు కిందిదాకా లాగితే నరం తెగి ముఖం ఒకవైపు పడిపోతుంది. అందుకే గాటు పైభాగంలో, అడ్డంగా పెడతారు.

వాపు పూర్తిగా దిగాక నోటి మందు కొనసాగిస్తారు. మొత్తం కోర్సు మామూలుగా రెండు నుంచి నాలుగు వారాలు పడుతుంది. అది ముగిశాక, కర్ణభేరి మానిందా, వినికిడి నిలిచిందా అని పరీక్ష చేయించాలి.