కై-స్క్వేర్ టెస్ట్: సర్వే టేబుళ్ల చుట్టూ ఉన్న అపోహలు, అసలు వాస్తవాలు

సర్వే డేటా పట్టుకుని నా దగ్గరికి వచ్చే పీజీ విద్యార్థుల్లో చాలామంది టెస్ట్ అప్పటికే చేసేసి ఉంటారు. ‘పి-వాల్యూ వచ్చింది సార్, ఇప్పుడేం రాయాలి?’ అన్నదే వాళ్ల ప్రశ్న. ఆ టెస్ట్ అక్కడ పెట్టొచ్చా, పెడితే అది దేనికి జవాబు చెప్పింది అన్నవి తేలితే ఏం రాయాలో దానంతటదే తెలుస్తుంది. అందుకే ఒకే టేబుల్ తీసుకుని మొదటి నుంచి చూద్దాం. అంకెలు ఉదాహరణ కోసం అనుకున్నవి. 300 ఇళ్లలో రెండు విషయాలు అడిగాం: ఇంటి పెద్ద ఎంతవరకు చదివారు, తాగే నీళ్లు కాచిగానీ ఫిల్టర్ చేసిగానీ తాగుతున్నారా.

| ఇంటి పెద్ద చదువు | శుద్ధి చేస్తారు | చేయరు | మొత్తం |
|---|---|---|---|
| బడికి వెళ్లలేదు | 28 (35%) | 52 | 80 |
| పదో తరగతి వరకు | 60 (50%) | 60 | 120 |
| ఇంటర్, ఆపైన | 62 (62%) | 38 | 100 |
| మొత్తం | 150 (50%) | 150 | 300 |

మొత్తం మీద సగం ఇళ్లు నీళ్లు శుద్ధి చేసుకుంటున్నాయి. చదువుకూ దీనికీ ఏ సంబంధమూ లేకపోతే ప్రతి వరుసలోనూ దాదాపు సగమే ఉండాలి, అంటే 40, 60, 50. ఇవే ఎక్స్‌పెక్టెడ్ కౌంట్లు. మొదటి గడిలో 40 ఉండాల్సిన చోట 28 వచ్చాయి. తేడా 12, దాని వర్గం 144, దాన్ని 40తో భాగిస్తే 3.6. ఆరు గడులకూ ఇలాగే చేసి కూడితే 12.96 వస్తుంది, ఇదే కై-స్క్వేర్ విలువ. డిగ్రీస్ ఆఫ్ ఫ్రీడమ్ (3−1)×(2−1), అంటే 2. పి-వాల్యూ 0.0015.

అపోహ: జవాబులు కేటగిరీల్లో ఉంటే చాలు, కై-స్క్వేర్ పెట్టొచ్చు

కేటగిరీలు ఉండటం మొదటి షరతు మాత్రమే. రెండో షరతు ఏమిటంటే, ఒక మనిషి టేబుల్‌లో ఒకే ఒక్క గడిలో ఉండాలి. సర్వేల్లో ఎక్కువగా తప్పేది ఈ షరతే. ‘వర్తించేవన్నీ టిక్ చేయండి’ అని అడిగిన ప్రశ్నలో ఒకే వ్యక్తి మూడు జవాబులు ఇచ్చి ఉండొచ్చు. ఆ టిక్కులన్నీ కూడి ఒక టేబుల్ చేస్తే ఆ వ్యక్తిని మూడుసార్లు లెక్కపెట్టినట్టు. అలాంటి ప్రశ్నలో ఒక్కో ఆప్షన్‌నూ విడిగా ‘అవును/కాదు’గా తీసుకోవాలి.

అవగాహన తరగతికి ముందు, తర్వాత అదే మనుషులను అడిగే స్టడీల్లో ఈ తప్పు ఇంకా తరచుగా కనిపిస్తుంది. 100 మంది తల్లుల్లో తరగతికి ముందు 40 మంది, తర్వాత 60 మంది సరైన జవాబు చెప్పారనుకోండి. ‘ముందు’ ఒక వరుస, ‘తర్వాత’ ఇంకో వరుసగా టేబుల్ వేస్తే మొత్తం 200 అవుతుంది. ఉన్నది వందమందే కదా! ఆ టేబుల్ నుంచి వచ్చే 8.0 అనే కై-స్క్వేర్ చెల్లదు. ఇక్కడ పెట్టాల్సింది మెక్‌నెమార్ టెస్ట్. దానికి కావాల్సింది జవాబు మారిన వాళ్లే. తప్పు నుంచి ఒప్పుకు మారినవాళ్లు 26 మంది, ఒప్పు నుంచి తప్పుకు మారినవాళ్లు ఆరుగురు అయితే (26−6)²/(26+6), అంటే 12.5. తల్లి తల్లికీ ముందు జవాబు పక్కన తర్వాతి జవాబు రాసుకోకుండా ఫారాలు విడివిడిగా కట్ట కడితే ఈ లెక్క ఇక ఎప్పటికీ చేయలేం. కాబట్టి ఐడీ నంబరు ఫారం మీద మొదటి రోజే ఉండాలి.

ఇంకో షరతు, టెస్ట్‌కు ఇచ్చేవి మనుషుల సంఖ్యలై ఉండాలి. పై టేబుల్‌లో శాతాలు 35, 50, 62 అని, మిగతావి 65, 50, 38 అని టైప్ చేస్తే 12.96 బదులు 14.65 వస్తుంది. ప్రతి వరుసలోనూ సరిగ్గా వంద ఇళ్లు ఉన్నాయని సాఫ్ట్‌వేర్ అనుకుంటుంది, ఏ హెచ్చరికా ఇవ్వదు.

అపోహ: ఏ గడిలోనైనా 5 కంటే తక్కువ ఉంటే కై-స్క్వేర్ పనికిరాదు

చూడాల్సింది సర్వేలో వచ్చిన సంఖ్యను కాదు, ఎక్స్‌పెక్టెడ్ కౌంట్‌ను. 12 ఉండాల్సిన గడిలో 3 వస్తే టెస్ట్‌కు ఏ ఇబ్బందీ లేదు. పైగా అలాంటి తేడాను పట్టుకోవడానికే ఆ టెస్ట్ ఉంది. అందరూ వాడే నియమం కోక్రన్ 1954లో చెప్పినది: 5 కంటే తక్కువ ఎక్స్‌పెక్టెడ్ ఉన్న గడులు 20 శాతానికి మించకూడదు, ఏ గడిలోనూ అది 1 కంటే తక్కువ ఉండకూడదు. రెండు వరుసలు, రెండు కాలమ్‌ల టేబుల్‌లో మాత్రం నాలుగు గడుల్లోనూ కనీసం 5 ఉండేలా చూసుకుంటారు.

ఎస్‌పీఎస్‌ఎస్ ఈ సంగతిని టేబుల్ కింద చిన్న అక్షరాల్లో చెబుతుంది. మన ఉదాహరణకైతే `0 cells (0.0%) have expected count less than 5. The minimum expected count is 40.00.` అని ఉంటుంది. పి-వాల్యూ కంటే ముందు చదవాల్సిన లైను ఇది.

ఇప్పుడు చదువు బదులు వృత్తి తీసుకుందాం: వ్యవసాయం, కూలి, ఉద్యోగం, ఇతరాలు. ‘ఇతరాలు’లో ఉన్నవి ఆరు ఇళ్లే అయితే అక్కడి రెండు గడుల్లోనూ ఎక్స్‌పెక్టెడ్ 3. ఎనిమిది గడుల్లో రెండు అంటే 25 శాతం, నియమం దాటింది. అర్థం కుదిరితే కేటగిరీలు కలపొచ్చు. ‘ఇతరాలు’ను తీసుకెళ్లి కూలిలో కలిపితే మాత్రం ఆ వరుస ఎవరి గురించి చెబుతోందో చెప్పలేం. కలపడం కుదరకపోతే ఫిషర్ ఎగ్జాక్ట్ టెస్ట్ పెట్టండి, లేదా ఆర్‌లో పి-వాల్యూను సిమ్యులేషన్‌తో తీయండి:

```r
chisq.test(tab, simulate.p.value = TRUE, B = 10000)
```

రకరకాలుగా కలిపి చూసి, పి-వాల్యూ 0.05 దిగువకు వచ్చిన టేబుల్‌ను ఉంచుకోవడం మాత్రం తప్పే. అలా ఎంచుకున్న పి-వాల్యూకు విలువ ఉండదు.

అపోహ: పి-వాల్యూ ఎంత చిన్నదైతే సంబంధం అంత బలమైనది

మన టేబుల్‌లోని శాతాలను అలాగే ఉంచి ఇళ్ల సంఖ్యను మాత్రం మారుద్దాం. 150 ఇళ్లైతే కై-స్క్వేర్ 6.48, పి-వాల్యూ 0.039. మూడు వేల ఇళ్లైతే కై-స్క్వేర్ 129.6, పి-వాల్యూలో ఎన్నో సున్నాలు. చదువుకూ నీళ్ల శుద్ధికీ ఉన్న సంబంధం మూడు చోట్లా ఒక్కటే: 35, 50, 62 శాతాలు. మారింది శాంపిల్ సైజే.

బలం చెప్పడానికి క్రేమర్స్ V ఉంది. కై-స్క్వేర్‌ను మొత్తం సంఖ్యతో భాగించి వర్గమూలం తీయాలి. వరుసలూ కాలమ్‌లూ రెండూ మూడు లేదా అంతకంటే ఎక్కువ ఉంటే, వాటిలో చిన్న సంఖ్యలో నుంచి 1 తీసేసి దానితోనూ భాగించాలి. ఇక్కడ 12.96/300కు వర్గమూలం 0.21. ఇళ్లు 150 అయినా, 3000 అయినా అది 0.21గానే ఉంటుంది. ఇలాంటి టేబుల్‌లో 0.1ని చిన్నదిగా, 0.3ని మధ్యస్థంగా చూడటం అలవాటు. 0.21 ఆ రెంటి మధ్యది.

అపోహ: ‘p < 0.05, సిగ్నిఫికెంట్’ అని రాస్తే రిపోర్ట్ అయిపోయినట్టే

చదివేవాళ్లకు కావాల్సింది ఎవరిలో ఎంత, తేడా ఎక్కడ ఉంది అన్నది. ‘సిగ్నిఫికెంట్’ అన్న ఒక్క మాట ఆ రెండూ చెప్పదు.

ముందు శాతాలు సరైన వైపు తీయాలి. దేన్ని బట్టి తేడా వస్తుందని చూస్తున్నామో ఆ గుంపులో శాతం తీయాలి, ఇక్కడ చదువు వరుసలో. కాలమ్ వైపు తీస్తే 28/150, అంటే 18.7 శాతం వస్తుంది. దాన్ని చూసి ‘బడికి వెళ్లనివారిలో 18.7 శాతమే నీళ్లు శుద్ధి చేస్తున్నారు’ అని రాసిన టేబుళ్లు చాలా చూశాను. అసలు సంఖ్య 35 శాతం. 18.7 అన్నది శుద్ధి చేసే ఇళ్లలో బడికి వెళ్లనివారి వాటా.

తర్వాత, తేడా ఏ వరుసలో ఉందో చూడాలి. కై-స్క్వేర్ మొత్తం టేబుల్‌కు ఒకే జవాబు ఇస్తుంది. గడి గడికీ చూడాలంటే ఎస్‌పీఎస్‌ఎస్‌లో Cells బటన్ నొక్కి `Adjusted standardized` టిక్ చేయండి. +2 గానీ −2 గానీ దాటినవి గమనించాల్సినవి. మన టేబుల్‌లో శుద్ధి చేసేవారి కాలమ్‌లో మొదటి వరుసకు −3.1, రెండో వరుసకు 0, మూడో వరుసకు 2.9 వస్తాయి. అంటే పదో తరగతి వరకు చదివినవారు మొత్తం సగటు దగ్గరే ఉన్నారు, తేడా అంతా రెండు కొసల్లో ఉంది.

పైగా చదువు అన్నది వరుసక్రమం ఉన్న కేటగిరీ. కై-స్క్వేర్‌కు ఆ క్రమం తెలియదు. వరుసలు తారుమారు చేసినా 12.96 మారదు. చదువు పెరిగేకొద్దీ శుద్ధి పెరుగుతోందా అన్నదే ప్రశ్న అయితే అదే అవుట్‌పుట్‌లో `Linear-by-Linear Association` అనే లైను చూడాలి. ఇక్కడ అది ఒక్క డిగ్రీ ఆఫ్ ఫ్రీడమ్‌తో 12.85, పి-వాల్యూ 0.001 కంటే తక్కువ.

ఇవన్నీ కలిపి ఇలా రాయొచ్చు:

“నీళ్లు శుద్ధి చేసుకునే ఇళ్లు, ఇంటి పెద్ద బడికి వెళ్లని కుటుంబాల్లో 35% (28/80), పదో తరగతి వరకు చదివిన చోట 50% (60/120), ఇంటర్ ఆపైన చదివిన చోట 62% (62/100). చదువుకూ శుద్ధికీ సంబంధం కనిపించింది, χ²(2, N = 300) = 12.96, p = 0.002, క్రేమర్స్ V = 0.21.”

సాఫ్ట్‌వేర్ `.000` అని చూపిస్తే p < 0.001 అని రాయండి, పి-వాల్యూ ఎప్పుడూ సున్నా కాదు. ‘చదువు వల్ల శుద్ధి పెరిగింది’ అని కూడా రాయకండి. చదువుతో పాటు ఆదాయం కూడా మారుతుంది, ఈ టేబుల్ ఆ రెంటినీ విడదీయలేదు. అది చేయాలంటే లాజిస్టిక్ రిగ్రెషన్‌కు వెళ్లాలి.

అపోహ: పెద్ద సర్వే డేటా దొరికితే మామూలు కై-స్క్వేర్ ఇంకా నమ్మకంగా పనిచేస్తుంది

జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే డేటాను డౌన్‌లోడ్ చేసుకుని నేరుగా Crosstabs నడిపే విద్యార్థులు ఇప్పుడు పెరిగారు. ఆ సర్వేలో ఇళ్లను రాష్ట్రం మొత్తం నుంచి విడివిడిగా ఎంచరు. ముందు గ్రామాలను, పట్టణ బ్లాకులను ఎంచి, వాటిలోంచి ఇళ్లను తీసుకుంటారు. ఒకే ఊళ్లోని ఇళ్లకు నీళ్ల సరఫరా ఒకటే, అలవాట్లూ దగ్గరగా ఉంటాయి. కాబట్టి 300 ఇళ్లు అడిగినా 300 వేర్వేరు సమాచారాలు వచ్చినట్టు కాదు. మామూలు కై-స్క్వేర్ ఇక్కడ ఉండాల్సినదాని కంటే పెద్దగా వస్తుంది.

దీనికి సవరణ చూపించింది ఏలూరులో పుట్టి కెనడాలో స్థిరపడ్డ స్టాటిస్టీషియన్ జె.ఎన్.కె. రావు, న్యూజిలాండ్‌కు చెందిన అలస్టెయిర్ స్కాట్. 1981లో వాళ్లు ఇచ్చిన పద్ధతినే రావు-స్కాట్ సవరణ అంటారు. ఇళ్లను ఇలా గుంపులుగా ఎంచడం వల్ల అంచనాల్లో అనిశ్చితి ఎన్ని రెట్లు పెరిగిందో చెప్పేదే డిజైన్ ఎఫెక్ట్. సవరణలో మొదటి మెట్టు, కై-స్క్వేర్‌ను సగటు డిజైన్ ఎఫెక్ట్‌తో భాగించడం. మన 12.96 ఇలాంటి క్లస్టర్ సర్వే నుంచి వచ్చి, డిజైన్ ఎఫెక్ట్ 2 ఉందనుకుంటే మిగిలేది 6.48, పి-వాల్యూ 0.0015 నుంచి 0.039కి వస్తుంది. 300 ఇళ్లు అడిగినా 150 ఇళ్లంత సమాచారమే వచ్చిందన్నమాట.

ఆర్‌లో survey ప్యాకేజీ దీన్ని చేసిపెడుతుంది. మహిళల ఫైలుకైతే ఇలా:

```r
library(survey)
d <- svydesign(ids = ~v021, strata = ~v023,
               weights = ~I(v005/1e6), data = nf, nest = TRUE)
svychisq(~edu + water, d)
```

ఇందులో `nf` మీరు లోడ్ చేసుకున్న డేటా, `edu`, `water` అందులో మీరు తయారుచేసుకున్న కాలమ్‌లు. v005 వెయిట్‌ను పది లక్షలతో భాగించడం మర్చిపోవద్దు. అవుట్‌పుట్‌లో కై-స్క్వేర్ బదులు F విలువ, దాని రెండు డిగ్రీస్ ఆఫ్ ఫ్రీడమ్ వస్తాయి. అవి పూర్ణాంకాలు కాకపోతే కంగారు పడక్కర్లేదు, ఆ సవరణ అలాగే చేస్తుంది. టేబుల్‌లో శాతాలు వెయిట్ వేసినవి, పక్కన సంఖ్యలు వెయిట్ వేయనివి ఇవ్వండి. ఏది ఏదో టేబుల్ కింద ఒక లైనులో చెప్పి, F విలువను రావు-స్కాట్ సవరణతో తీసినట్టు అక్కడే రాయండి.