డ్రాయింగులో 70° ఉంటే టార్చి ఎంతకి వంచాలి? వి-గ్రూవ్ కొలతల మీద అపోహలు - వాస్తవాలు

గాజువాక ఆటోనగర్ షెడ్లలో ఫిటప్ చూడటం నా పని. వెల్డర్ రాడ్డు పట్టకముందే ప్లేటు అంచులూ, గ్యాపూ, లెవెలూ చూసి సరే అనాలి, లేదా విప్పించాలి. ఎక్స్‌రేలో జాయింటు పోతే అందరూ ముందు వెల్డర్ని పట్టుకుంటారు. చాలాసార్లు ఆ జాయింటు కటింగ్ బెంచి మీదే పోయి ఉంటుంది.

ఒకే డ్రాయింగు పట్టుకుని మాట్లాడతాను. రెండు 16 మి.మీ. ప్లేట్లు, అంచుకి అంచు కలిపే బట్ జాయింటు. బాణం గీత కింద వి గుర్తు ఉంది. దానికి ఎడమ పక్క 14(16) అని, వి కడుపులో 3 అని, దాని కింద 70° అని రాశారు. ఇది అమెరికన్ వెల్డింగ్ సొసైటీ పద్ధతి. వేరే స్టాండర్డ్‌లో ఇవే అంకెలకి వేరే అర్థం ఉండొచ్చు కాబట్టి, గుర్తు చదవబోయే ముందు టైటిల్ బ్లాకూ నోట్సూ ఒకసారి చూసుకోవాలి.

అపోహ: 70° అని ఉంటే ఒక్కో ప్లేటునీ 70°కి కొయ్యాలి

వాస్తవం: గుర్తు మీద రాసే కోణం వి నోరు మొత్తానిది. రెండు ప్లేట్లూ చెరి సగం పంచుకుంటాయి కాబట్టి ఒక్కోదానికి బెవెల్, అంటే అంచు వాలు, 35°. ఇది ఎవరైనా చెప్పేదే. అసలు చిక్కు ఈ 35 ఎక్కడి నుంచి కొలవాలన్న దగ్గర వస్తుంది. బెవెల్ కోణాన్ని నిటారు అంచు నుంచి, అంటే ప్లేటుకి లంబంగా ఉండే గీత నుంచి కొలుస్తారు. అదే ప్రొట్రాక్టర్‌ని ప్లేటు కింది ముఖానికి ఆనించి వాలు కొలిస్తే 35 రాదు, 55 వస్తుంది. రెండూ ఒకే కోత.

గ్యాస్ కటింగ్ చేసే ఒక కుర్రాడు డ్రాయింగులో ఉన్న అంకెనే ప్రొట్రాక్టర్ మీద పెట్టి, ప్లేటు నుంచి కొలిచి టార్చి వంచేవాడు. అడిగితే, "ఎప్పుడూ ఇలాగే కోస్తున్నానండీ, ఒక్కటీ రిజెక్ట్ అవ్వలేదు" అన్నాడు. అబద్ధం కాదు. అతను అప్పటిదాకా కోసినవన్నీ 60° గ్రూవులే. 60లో సగం 30. నిటారు నుంచి 30 అంటే ప్లేటు నుంచి కొలిస్తే 60. డ్రాయింగు అంకే, ప్రొట్రాక్టర్ అంకే కలిసిపోతాయి. ఈ కలవడం 60 దగ్గర మాత్రమే జరుగుతుంది, ఇంకే కోణానికీ జరగదు. షెడ్లలో ఎక్కువగా వచ్చేది 60 కాబట్టి ఆ తప్పు పద్ధతే పద్ధతిగా చలామణీ అయిపోతోంది.

అదే మనిషి చేతికి 70° వచ్చింది. ప్లేటు నుంచి 70 పెట్టాడు, అంటే నిటారు నుంచి 20 మాత్రమే. రెండు ప్లేట్లూ కలిపితే నోరు 40° అయింది. 14 మి.మీ. లోతున్న సందు అంత ఇరుకైతే, ఫ్లక్సుతో కలిపి లావుగా ఉండే రాడ్డుని గోడల వైపు వంచడానికి చోటుండదు. ఆర్క్ మధ్యలోనే కాలుతుంది, గోడల మూలల్లో స్లాగ్ చిక్కుకుంటుంది, పక్క గోడ కరిగి కలవదు. కోణం పెద్దదయ్యే కొద్దీ నోరు చిన్నదవడం ఈ తప్పులోని విచిత్రం. 45° గ్రూవు ఇస్తే తిరగబడి నోరు 90° అవుతుంది. అప్పుడు రాడ్లు దండగ, ప్లేటు లాగేసి వంకర పోతుంది.

ఇది పట్టుకోవడానికి ప్రొట్రాక్టర్ కూడా అక్కర్లేదు, స్కేలు చాలు. నోరు పైన ఎంత వెడల్పు ఉండాలో ముందే లెక్క కట్టుకోవాలి. బెవెల్ లోతుని బెవెల్ కోణం టాన్‌తో గుణించి, రెట్టింపు చేసి, గ్యాపు కలపాలి. మన డ్రాయింగుకి టాన్ 35 సుమారు 0.70. 14ని 0.70తో గుణిస్తే 9.8, రెండు పక్కలా 19.6, గ్యాపు 3 కలిపితే 22.6 మి.మీ. కుర్రాడు కోసిన ప్లేట్లు జోడించి చూస్తే 13 చిల్లర వచ్చింది (టాన్ 20 సుమారు 0.364 కాబట్టి 10.2కి 3 కలిపి 13.2). తొమ్మిది మి.మీ. పైన తేడా కంటికే తెలుస్తుంది. నేనైతే కటింగ్ మొదలుపెట్టకముందే ఆ 22.6ని చాక్‌పీసుతో ప్లేటు మీదే రాయిస్తాను.

సగం పంచుకోవడం కూడా గుర్తు ఒక్కటే ఉన్నప్పటి మాట. నిలబెట్టిన ప్లేట్ల మధ్య అడ్డంగా వచ్చే జాయింటుకి పై ప్లేటుకి ఎక్కువ బెవెల్, కింది ప్లేటుకి తక్కువ ఇచ్చి సెక్షన్ విడిగా గీస్తారు. అక్కడ గీసినదే లెక్క.

అపోహ: రూట్ ఫేస్ డ్రాయింగులో ఇవ్వరు, అది ఫిట్టర్ ఇష్టం

వాస్తవం: గుర్తులో రూట్ ఫేస్‌కి విడిగా చోటు లేదన్న మాట నిజమే. కానీ తీసివేత చేస్తే వస్తుంది. బ్రాకెట్ బయట ఉన్న 14 బెవెల్ లోతు. ప్లేటు 16. కొయ్యకుండా మిగిలే నిటారు ముక్క 2 మి.మీ., అదే రూట్ ఫేస్. బ్రాకెట్ లోపల 16 వెల్డు మందం. బెవెల్ 14 లోతే అయినా వెల్డు 16 అన్నారంటే, ఆ 2 మి.మీ. ముక్క కూడా పూర్తిగా కరిగి అవతలకి దిగాలని అర్థం.

బ్రాకెట్‌లోని 16నే లోతు అనుకుని ప్లేటు మందంలోంచి తీసేసినవాళ్లకి సున్నా వస్తుంది. అంచు కత్తిలా కోసుకొస్తారు. 3 మి.మీ. గ్యాపు మీద కత్తి అంచు రూట్ రన్‌లో, అంటే అడుగున పడే మొదటి వెల్డు వరసలో, నిలవదు, కరిగి ఊడిపోతుంది, అవతల వైపు ముద్దలు వేలాడతాయి. ఒకవేళ ఎడమ పక్క అంకెలేవీ లేకపోతే వెల్డు పూర్తి మందానికి అని అర్థం. అప్పుడు రూట్ ఫేస్ డబ్ల్యూపీఎస్‌లో, అంటే వెల్డింగ్ ఎలా చేయాలో రాసిచ్చే కాగితంలో, చూసుకోవాలి. అప్పుడు కూడా అది ఫిట్టర్ ఇష్టం కాదు.

ఇక్కడ డబ్బు పోయే విషయం ఒకటుంది. చాలా షెడ్లలో టార్చితో ముందు కత్తి అంచు దాకా కోసేసి, తర్వాత గ్రైండర్‌తో ముక్కు కొట్టి రూట్ ఫేస్ తెస్తారు. ముక్కు కొడితే అంచు వెనక్కి జరుగుతుంది. ఎంత? రూట్ ఫేస్‌ని టాన్‌తో గుణించాలి. 2ని 0.70తో గుణిస్తే ఒక్కో ప్లేటుకి 1.4 మి.మీ., జాయింటుకి 2.8. కటింగ్ మార్కింగ్‌లో ఇది వదలకపోతే రెండే దారులు. గ్యాపు 3 కావలసింది 5.8 అవుతుంది, లేదా ప్లేట్లు దగ్గరికి జరిపి మొత్తం పొడవు 2.8 తగ్గించుకోవాలి. వరసగా నాలుగైదు జాయింట్లున్న ప్యానెల్లో అది సెంటీమీటరు దాటిపోతుంది. అప్పుడు కటింగ్ వాళ్లకీ ఫిటప్ వాళ్లకీ పంచాయితీ మొదలు. మార్కింగ్‌లో ముక్కు ఎక్కడ ఉండాలో అక్కడ పంచ్ పెట్టి, కత్తి అంచుని దానికి 1.4 బయట కోయిస్తే ఆ గొడవే రాదు.

ముక్కు కొట్టేటప్పుడు గ్రైండర్ ఊగితే అంచు గుండ్రంగా వస్తుంది. దూరం నుంచి 2 మి.మీ.లా కనిపిస్తుంది, దగ్గరగా చూస్తే నిటారుగా ఉన్నది 1 కూడా ఉండదు. గోరు ఆనించి లాగితే మూల తగలాలి. జారిపోతే మళ్లీ సరిచేయాలి. మన ఊరి సముద్రపు గాలికి రాత్రి గ్రైండ్ చేసిన అంచు తెల్లారేసరికి ఎర్రబడుతుంది కదా, దాన్ని పొద్దున మళ్లీ డిస్కుతో రుద్దితే రూట్ ఫేస్ ఇంకాస్త పోతుంది. వైరు బ్రష్షు వాడండి.

అపోహ: గ్యాపు కాస్త ఎక్కువుంటే పెనెట్రేషన్ బాగా దిగుతుంది

వాస్తవం: గ్యాపూ రూట్ ఫేసూ జంట, ఒకదాన్ని బట్టే రెండోది. గ్యాపు తక్కువై రూట్ ఫేస్ మందమైతే రూట్ కరగకుండా గీతలా మిగిలిపోతుంది. గ్యాపు ఎక్కువై రూట్ ఫేస్ పల్చనైతే కారిపోతుంది. వెనక పట్టీ వేసిన జాయింట్లలో గ్యాపు 6 మి.మీ. దాకా ఇచ్చి కోణం 45°కి తగ్గిస్తారు, 10 ఇస్తే 30°కి తగ్గిస్తారు. కింద పట్టీ ఆపుతుంది కాబట్టే అది కుదురుతుంది. వెనక ఏమీ లేని మన జాయింటుకి ఆ అంకెలు తెచ్చి పెట్టకూడదు.

డ్రాయింగులో 3 అంటే రూట్ రన్ పడే నిమిషానికి ఉండాల్సిన 3. ఫ్లక్సు కొట్టేసిన 3.15 రాడ్డు ముక్కని మధ్యలో పెట్టి టాక్ వేయడం అందరూ చేసేదే, మంచిదే. కానీ టాక్ చల్లారేటప్పుడు ప్లేట్లని దగ్గరికి లాగుతుంది. ఒక చివర టాక్ వేసి ఇంకో చివర కొలిస్తే 2.5కి వచ్చి ఉంటుంది. అందుకే రెండో చివర కొద్దిగా తెరిచి పెట్టి, టాకులన్నీ అయ్యాక రెండు చివర్లా, మధ్యలో మళ్లీ కొలవాలి. నేను సరే అనేది ఆ రెండో కొలత చూసే.

గ్యాపు 6 వచ్చిందని అందులో రాడ్డు ముక్క దూర్చి పైన కప్పేయడం మాత్రం మోసం. పైకి సొగసుగా ఉంటుంది, ఎక్స్‌రేలో ఆ ముక్క కరగని అంచులు గీతలుగా కనిపిస్తాయి. విప్పి సరిచేయాలి. లేదా డబ్ల్యూపీఎస్ ఒప్పుకుంటే, ఇన్‌స్పెక్టర్‌కి చెప్పి, ప్లేటు అంచు మీద వెల్డు పోసి పెంచి, మళ్లీ బెవెల్ గ్రైండ్ చేసుకోవాలి.

అపోహ: ఏ గ్రూవు గుర్తైనా కోణంలో సగమే కొయ్యాలి

వాస్తవం: పైన చెప్పిన సగం లెక్క వి గుర్తుకే. గుర్తులో ఒక కాలు నిటారుగా, ఒకటి వాలుగా ఉంటే అది సింగిల్ బెవెల్. అక్కడ 45° రాస్తే 45 మొత్తం ఒకే ప్లేటుకి, రెండోది చదునుగా ఉంటుంది. దాన్ని 22.5కి కోసి తెచ్చిన ప్లేట్లు కూడా చూశాను. ఏ ప్లేటుకి బెవెల్ పడాలో బాణమే చెబుతుంది. గీత మధ్యలో విరిగి వంపు తిరిగి ఏ ప్లేటుని చూపిస్తుందో ఆ ప్లేటునే కొయ్యాలి. నోటి వెడల్పు లెక్కలో కూడా రెట్టింపు చేయకూడదు: లోతుని టాన్‌తో గుణించి ఒక్కసారే, దానికి గ్యాపు.