గో-లైవ్ ముందు రాత్రి స్టాక్ తేడా: అపోహలు - వాస్తవాలు

నెల్లూరు శివార్లలో రొయ్యల మేత గోడౌన్‌కి సూపర్‌వైజర్‌ని. పాత సాఫ్ట్‌వేర్ నుంచి కొత్త సిస్టమ్‌కి మారే ముందు రాత్రి మా దగ్గర లెక్క ఎంతకీ కుదరలేదు. ఆ రాత్రి చుట్టూ నేను విన్న అపోహలు ఇవి.

అపోహ: తేడా వచ్చిందంటే ఎవరో బస్తాలు దాటించారు.

సాయంత్రం ఆరింటికి లోడింగ్ ఆపేసి లెక్క మొదలుపెట్టాం. గ్రోయర్ మేత 25 కిలోల బస్తాలు కొత్త సిస్టమ్‌లో 1,840. మా లెక్కకి 1,734 వచ్చాయి. 106 తక్కువ. ఆఫీసు నుంచి ఫోన్ మీద ఫోన్. హమాలీల మీద అనుమానం అప్పుడే మొదలైపోయింది. పదేళ్లుగా ఆ బస్తాలు మోస్తున్న మనుషులు పక్కనే నిలబడి ఆ మాటలు వింటున్నారు. నాకు చాలా బాధేసింది.

వాస్తవం ఏంటంటే, ముందు అనుమానించాల్సింది లెక్కపెట్టిన పద్ధతిని. మేం వరసకి ఎన్ని, ఎత్తుకి ఎన్ని అని ముందు వైపు నుంచి చూసి గుణించాం. రెండోసారి వేరే మనిషి చేత, మొదటి అంకె చెప్పకుండా లెక్క పెట్టించాను. మేస్త్రి నిచ్చెన వేసుకుని పైకెక్కి టార్చ్ కొట్టాడు. "అబ్బయా, గోడ పక్కన గుల్లగా ఉంది. వాన నీళ్లు తగిలాయని పోయిన నెల పద్నాలుగు తీశాం కదా" అన్నాడు. నిజమే. వాటిని అప్పుడే డ్యామేజీ కింద పుస్తకంలో తీసేశాం. ముందు నుంచి చూస్తే మాత్రం దొంతర నిండుగానే కనిపిస్తోంది.

అంటే అసలు ఉన్నవి 1,720. తేడా తగ్గకపోగా 120కి పెరిగింది. అందరికీ టెన్షన్ ఎక్కువైంది కానీ, నాకు అక్కడే దారి దొరికింది. 106 అనే అంకె ఏ కాగితం మీదా లేదు. 120 ఉంది. ఆ సాయంత్రం ఐదూ నలభైకి మా ముత్తుకూరు డిపోకి వెళ్లిన లారీ చలానాలో సరిగ్గా 120 బస్తాలు. పాత సాఫ్ట్‌వేర్‌లో డిపో వాళ్లు సంతకం పెట్టిన చలానా కాపీ తిరిగొచ్చాకే ట్రాన్స్‌ఫర్ ఎంట్రీ వేస్తాం. అందుకే సరుకు రోడ్డు మీద ఉన్నా పుస్తకంలో ఇంకా మా గోడౌన్‌లోనే ఉంది, అదే అంకె కొత్త సిస్టమ్‌లోకీ వచ్చేసింది.

అపోహ: తేడాకి ఒక సర్దుబాటు ఎంట్రీ కొట్టి గో-లైవ్ అయిపోదాం, తర్వాత చూసుకోవచ్చు.

సాఫ్ట్‌వేర్ వాళ్లు రాత్రి పదకొండుకి ఇదే సలహా ఇచ్చారు. నేను ఒప్పుకోలేదు. కారణం లెక్కే. 120 తీసేస్తే స్క్రీన్ మీద 1,720 వస్తుంది, అందరూ ఇంటికెళ్లి పడుకుంటారు. పొద్దున ముత్తుకూరు చలానాకి ట్రాన్స్‌ఫర్ ఎంట్రీ వేయగానే మా స్టాక్‌లోంచి ఇంకో 120 పోతాయి. స్క్రీన్ మీద 1,600, నేల మీద 1,720. ఇక 1,650 బస్తాలకి ఆర్డర్ వస్తే, సరుకు కళ్లముందే ఉన్నా సిస్టమ్ బిల్లు కానివ్వదు. వారం తర్వాత ఆ తేడా ఎక్కడిదో వెతకాలంటే మధ్యలో వందల ఎంట్రీలు ఉంటాయి.

మేం చేసింది వేరు. ఓపెనింగ్ స్టాక్‌ని రెండుగా ఎక్కించాం. గోడౌన్ కింద 1,720, 'దారిలో ఉన్న సరుకు' కింద 120. పక్కన చలానా నంబరు. డిపో వాళ్లు అందుకున్నట్టు ఎంట్రీ వేసినప్పుడు ఆ 120 దారిలో సరుకు నుంచే తగ్గుతాయి, గోడౌన్ అంకె కదలదు.

అపోహ: అంకె దిద్దితే తప్పు దిద్దినట్టే.

పిల్ల రొయ్యల స్టార్టర్ మేత మా దగ్గర 10 కిలోల బస్తాల్లో వస్తుంది. నేల మీద 312 బస్తాలు, అంటే 3,120 కిలోలు. సిస్టమ్ 7,800 కిలోలు చూపించింది. ఇలాంటి పెద్ద తేడా వస్తే మళ్లీ లెక్కపెట్టే ముందు ఒక భాగహారం చేయండి. 7,800ని 312తో భాగిస్తే సరిగ్గా 25. ఐటెమ్‌లు ఎక్కించినవాళ్లు అన్నిటికీ బస్తా అంటే 25 కిలోలనే పెట్టేశారు.

ఇక్కడ 7,800ని 3,120గా మార్చి ఊరుకుంటే తప్పు లోపలే ఉండిపోతుంది. మర్నాడు రైతుకి 10 బస్తాలు ఇస్తే 100 కిలోలు తగ్గాల్సింది 250 తగ్గుతాయి. అందుకే ముందు ఐటెమ్ మాస్టర్‌లో బస్తా బరువు 10కి మార్పించి, ఆ ఐటెమ్ ఓపెనింగ్ స్టాక్ తీసేసి మళ్లీ ఎక్కించాం. ఒక బస్తాకి ఉత్తుత్తి బిల్లు కొట్టి, 10 కిలోలే తగ్గడం కళ్లతో చూసి, ఆ బిల్లు రద్దు చేశాం. అప్పటికి రాత్రి రెండున్నర.

పొద్దున ఏడింటికి ముత్తుకూరు నుంచి ఫోన్ వచ్చింది, 120 దిగాయని. ఎంట్రీ వేశారు. మా స్క్రీన్ మీద గ్రోయర్ 1,720 దగ్గరే ఉంది. మేస్త్రిని పిలిచి చూపించాను.