పాయింట్ వచ్చిన క్షణమే మంచి ఫొటోనా? స్పోర్ట్స్ పేజీ ఫొటోల ఎంపికలో అపోహలు - వాస్తవాలు

విజయవాడలో స్పోర్ట్స్ పేజీకి ఫొటోలు ఎంపిక చేయడం నా ఉద్యోగం. సాయంత్రమయ్యేసరికి గుంటూరు బ్రహ్మానందరెడ్డి స్టేడియం నుంచి, ఇక్కడి దండమూడి రాజగోపాలరావు ఇండోర్ స్టేడియం నుంచి ఫొటోలు వచ్చి పడుతుంటాయి. మర్నాడు పొద్దున్నే కొత్త ఫొటోగ్రాఫర్ల నుంచి ఫోన్లు. 'అంత మంచి ఫొటో పంపితే వేరేది వేశారేంటి సార్?' అని. వాళ్లు అడగడం న్యాయమే. అందుకే మేం ఏం చూసి వరస పెడతామో ఒక కబడ్డీ కూత తీసుకుని వివరంగా చెబుతాను.

అపోహ: పాయింట్ వచ్చిన క్షణం దొరికితే అదే అత్యుత్తమ ఫొటో.

ఆ మధ్య గుంటూరులో కాలేజీ అమ్మాయిల కబడ్డీ జరిగింది. కూతకు వెళ్లిన అమ్మాయి వెనక్కి తిరిగింది. మూలన ఉన్న డిఫెండర్ ఆమె చీలమండ పట్టేసింది. ఆమె ముందుకు దూకి మధ్య గీతను అందుకుంది. ఇదంతా ఒకే బర్స్ట్‌లో, అంటే ఆగకుండా వరసగా తీసిన ఫ్రేముల్లో వచ్చింది. ఫొటోగ్రాఫర్ తొమ్మిదో ఫ్రేముకు ఐదు నక్షత్రాలు ఇచ్చి పంపాడు. అందులో వేళ్లు గీతను తాకాయి, కచ్చితంగా పాయింటే. కానీ ఆ సరికి ఆమె ముఖం మ్యాట్‌కు అతుక్కుపోయింది, జడ ముందుకు పడింది, పైన ఇద్దరు డిఫెండర్లు పడ్డారు. పేజీలో చూస్తే చేతులూ కాళ్లూ కలిసిపోయిన కుప్ప. గీత మీద ఉన్న చెయ్యి ఎవరిదో క్యాప్షన్ చదివితే తప్ప తెలియదు.

నేను వేసింది ఏడో ఫ్రేము. అందులో ఒళ్లంతా సాగింది, చెయ్యి గీతకు ఇంకా జానెడు దూరంలో ఉంది. నోరు తెరిచి, కళ్లు గీత మీదే పెట్టింది. ఆమె మోచేతి కింద నుంచి చీలమండ పట్టుకున్న అమ్మాయి ముఖం కూడా కనిపిస్తోంది, పళ్లు బిగించి ఉంది. రెండో డిఫెండర్ చేతులు చాచి వచ్చేస్తోంది. అందుతుందా, అందదా అన్నది తేలలేదు. చూసేవాడి కన్ను చెయ్యి నుంచి గీతకు, గీత నుంచి వెనక పట్టుకు తిరుగుతూనే ఉంటుంది. కబడ్డీలో పతాక క్షణం అంటే నా దృష్టిలో అదీ.

వాస్తవం ఏమిటంటే, ఆ క్షణం ఎక్కడుంటుందన్నది ఆటను బట్టి మారుతుంది. ఒంటికి ఒళ్లు తగిలే ఆటల్లో తాకిన తర్వాత తలలు కిందికి పోతాయి, కాబట్టి ఒకట్రెండు ఫ్రేములు వెనక్కి వెళ్లి చూడాలి. క్రికెట్‌లో బౌల్డ్ అయితే దీనికి తిరగేసి, బెయిల్స్ గాల్లోకి లేచిన తర్వాతే ఫొటో. లాంగ్‌జంప్‌లో కాళ్లు ఇసుకను తాకబోయే ముందు ముఖం తెరుచుకుని ఉంటుంది. ఇసుక లేచాక సగంసార్లు దాని వెనకే దాగిపోతుంది. బంతి బ్యాట్‌కు తగిలిన ఫ్రేము కోసం పట్టుబట్టడం కూడా అనవసరం. సెకనుకు 20 ఫ్రేములు తీసే కెమెరా అయినా రెండు ఫ్రేముల మధ్య 130 కిలోమీటర్ల వేగంతో వచ్చే బంతి దాదాపు 1.8 మీటర్లు ప్రయాణిస్తుంది. బంతి బ్యాట్ మీద ఉండగా దొరకడం చాలావరకు అదృష్టమే.

అపోహ: ముఖం ఎంత పెద్దగా, ఎంత స్పష్టంగా ఉంటే అంత మంచిది.

అదే బర్స్ట్‌లో చివర్న ఆ అమ్మాయి లేచి పిడికిలి బిగించి అరుస్తున్న ఫ్రేము ఉంది. ముఖం నిండుగా ఉంది. డెస్క్‌లో ఒకరు అదే లీడ్‌గా, పేజీలో ప్రధాన ఫొటోగా పెడదామన్నారు. నేను ఒప్పుకోలేదు. గీత లేదు, పట్టు లేదు, ప్రత్యర్థి లేదు. ఏ మ్యాచ్‌కైనా, ఏ రోజైనా సరిపోయే ఫొటో అది. ఫైనల్‌ను తేల్చిన పాయింట్ అయ్యుంటే మాట వేరు. అప్పుడు సంబరమే వార్త, నేనూ దాన్నే లీడ్‌గా పెట్టేవాణ్ని. అది లీగ్ మ్యాచ్ మధ్యలో వచ్చిన ఒక పాయింట్.

నా వరస ఇది. మొదటి విడతలో క్షణం ఒక్కటే చూస్తాను. క్యాప్షన్ మూసేస్తే ఏం జరుగుతోందో అర్థమవుతోందా? రెండో విడతలో కూర్పు. ఈ రెండింటిలోనూ దగ్గరదగ్గరగా ఉన్నవి మిగిలితే అప్పుడు ముఖాలు తేలుస్తాయి. అయితే ఒక్క ముఖమూ లేని ఫ్రేము ఎంత గొప్ప క్షణమైనా కిందికి దిగుతుంది. తొమ్మిదో ఫ్రేము అలాగే మూడో స్థానానికి వెళ్లింది. రెండో స్థానం నాలుగో ఫ్రేముది. చీలమండ మీద వేళ్లు అప్పుడే బిగుసుకుంటున్నాయి, ముఖాలు రెండూ బాగున్నాయి. కానీ రైడర్ చెయ్యి ఇంకా తొడ దగ్గరే ఉంది, గీత ఫ్రేములో లేదు.

ముఖాన్ని స్క్రీన్ మీద పెద్దది చేసి చూసి మురిసిపోవద్దు. అచ్చులో ఎంత వస్తుందో ఆ సైజుకు తగ్గించి చూడండి. పేజీలో నాలుగు కాలమ్‌ల వెడల్పున్న ఫొటోలో ముఖం బొటనవేలి గోరంత కూడా లేకపోతే పాఠకుడికి కవళిక అందదు. న్యూస్‌ప్రింట్ సిరాను పీల్చి చుక్కలను పెంచేస్తుంది కాబట్టి నీడలు మరింత నల్లబడతాయి. హెల్మెట్ కింద స్క్రీన్ మీద కనిపించిన కళ్లు పేపర్లో మాయమయ్యేది అందుకే. నీడను కొద్దిగా తేలిక చేయొచ్చు. లేని వివరాన్ని తేలేం.

అపోహ: ఫ్రేమింగ్‌దేముంది, డెస్క్‌లో క్రాప్ చేసుకుంటారు.

పిక్సెళ్ల వరకైతే నిజమే. నాలుగు కాలమ్‌లంటే సుమారు 16 సెంటీమీటర్లు, అంగుళానికి 200 పిక్సెళ్ల చొప్పున 1,260 చాలు. 6,000 పిక్సెళ్ల వెడల్పున్న ఫొటోలో కావలసినంత కోయొచ్చు. కానీ చాలామంది వాట్సాప్‌లో మామూలు నాణ్యతతో పంపుతారు, అది పొడవు వైపు సుమారు 1,600 పిక్సెళ్లకు తగ్గిపోతుంది. అందులో సగం కోస్తే మిగిలేది 800. డాక్యుమెంట్‌గా పంపితే ఈ బాధ లేదు.

క్రాప్ అదనాన్ని తీస్తుంది, లేనిదాన్ని తేలేదు. ఏడో ఫ్రేములోనే వేళ్లు అంచుకు తగిలి తెగిపోయి ఉంటే అది నాలుగో ఫ్రేము కంటే కిందికి పోయేది. చెయ్యి వెళుతున్న వైపు కొంత ఖాళీ ఉండాలి, అది చేరాల్సిన గీత ఫ్రేములో ఉండాలి. తల వెనక నుంచి స్తంభం మొలిచినట్టున్నా, బ్యానర్ మీద అక్షరాలు ముఖాన్ని తాకినా చెరిపేయం, ఎడమ కుడి తిప్పేయం. వార్తా ఫొటోలో కోత, వెలుగు సవరణ వరకే. మిగిలింది మైదానంలో కూర్చునే చోటుతో సరిచేసుకోవాలి. రైడర్ ముఖం కావాలంటే ఆమె సొంత అర్ధభాగం వెనక మూలన, నేలకు దగ్గరగా కూర్చోండి. ప్రత్యర్థి వైపు నుంచి తిరిగొచ్చేటప్పుడు మీ వైపే చూస్తుంది. విరామం తర్వాత జట్లు వైపులు మారతాయి, ఆ జట్టు రైడర్లే కావాలంటే మీరూ మారాలి.

అపోహ: అంతా షార్ప్‌గా ఉన్నదే ముందు.

కళ్ల దగ్గర షార్ప్‌గా ఉంటే చాలు. ఇండోర్‌లో వెలుతురు తక్కువై షట్టర్ వేగాన్ని సెకనులో 1/500 వంతుకు దించితే వేళ్లు కాస్త చెదురుతాయి, అది వేగాన్నే చూపిస్తుంది. వెనక బ్యానర్ స్పష్టంగా ఉండి ముఖం మెత్తబడితే మాత్రం ఫోకస్ తప్పినట్టే, ఎంత మంచి క్షణమైనా పక్కన పెట్టేస్తాం. చిన్న సైజులో ఇది తెలియదు, పూర్తి సైజులో ముఖం దగ్గరికి వెళ్లి చూడాలి.

పంపేటప్పుడు పాయింట్ వచ్చిన ఫ్రేము ఒక్కటే కాకుండా దానికి ముందు నాలుగైదు, తర్వాత రెండు కూడా పంపండి. క్యాప్షన్‌లో ఆ కూత ఫలితం విడిగా రాయండి. ఏడో ఫ్రేము కింద 'గీతను తాకిన రైడర్' అని రాస్తే తప్పు, ఫొటోలో ఆమె ఇంకా తాకలేదు. 'గీతను అందుకునేందుకు దూకుతున్న రైడర్. ఈ కూతలో ఆమె పాయింట్ సాధించింది' అని రాశాం, అదీ స్కోరర్‌ను అడిగాకే. పట్టు పట్టిన అమ్మాయి పేరు, జెర్సీ నంబరు కూడా కావాలి. ఆమె ముఖమూ పేజీలో ఉంది కదా.