రివ్యూయర్ అడిగిందల్లా చేయాలా? ఎడిటర్‌కి జవాబు రాయడంపై అపోహలు - వాస్తవాలు

"మేజర్ రివిజన్" అని జర్నల్ నుంచి మెయిల్ రాగానే మా మెడికల్ కాలేజీలో పీజీలు, కొత్తగా చేరిన అసిస్టెంట్ ప్రొఫెసర్లు టెన్షన్ పడుతూ నా దగ్గరికి వస్తారు. నేను చూసేది స్టాటిస్టిక్స్. కానీ ఎక్కువసేపు మాట్లాడుకునేది ఎడిటర్‌కి ఏం రాయాలన్న దాని గురించే.

అపోహ: రివ్యూయర్ మాట కాదంటే పేపర్ రిజెక్ట్ అవుతుంది.

రివ్యూయర్ ఇచ్చేది సలహా, నిర్ణయం ఎడిటర్‌ది. ప్రతి కామెంట్‌కీ జవాబు ఉందా, ఒప్పుకోని చోట చెప్పిన కారణం నిలబడుతుందా అని ఎడిటర్ చూస్తారు. అందుకని కాదనడం కంటే జవాబివ్వకుండా దాటేయడమే ఎక్కువ ప్రమాదం. రివ్యూయర్‌ని మెప్పించడానికి తప్పు లెక్క చేర్చారనుకోండి, పేపర్ అచ్చయ్యాక ఆ తప్పు మీ పేరు మీదే ఉంటుంది, ఆ లెక్క అడిగిన రివ్యూయర్ పేరు సాధారణంగా ఎవరికీ తెలియదు కూడా.

ఎక్కువగా ఎదురయ్యేదే ఒకటి తీసుకుందాం. రెండు రకాల ఐరన్ మాత్రలు పోల్చిన స్టడీ అనుకోండి. హిమోగ్లోబిన్‌లో తేడా డెసిలీటరుకి 0.4 గ్రాములు, 95 శాతం కాన్ఫిడెన్స్ ఇంటర్వెల్ -0.2 నుంచి 1.0 దాకా, పి విలువ 0.19. "తేడా సిగ్నిఫికెంట్ కాలేదు కాబట్టి పోస్ట్ హాక్ పవర్ లెక్కించి ఇవ్వండి" అని రివ్యూయర్ రాశారు. చూడ్డానికి న్యాయంగానే ఉంది, సాఫ్ట్‌వేర్‌లో నిమిషం పని, ఇచ్చేస్తే పోలా అనిపిస్తుంది.

ఇవ్వకూడదు. స్టడీకి ఎంతమంది కావాలో ముందుగా తేల్చుకోడానికి వాడేది పవర్. అంతా అయ్యాక, మనకొచ్చిన తేడానే అసలు తేడా అనుకుని దాన్ని లెక్కిస్తే పి విలువే ఇంకో రూపంలో బయటికొస్తుంది, కొత్త సమాచారం ఏమీ ఉండదు. పి సరిగ్గా 0.05 అయితే ఆ పవర్ సుమారు 50 శాతం, మన 0.19కి సుమారు 26 శాతం, పి పెరిగేకొద్దీ అది తగ్గుతుందంతే. హోనిగ్, హైసీ 2001లో 'ది అమెరికన్ స్టాటిస్టీషియన్'లో దీన్ని వివరంగా చూపించారు, జవాబులో ఆ పేపర్‌ని ఉదహరించండి.

అపోహ: గట్టిగా చెప్పాలంటే కఠినంగా రాయాలి.

"రివ్యూయర్‌కి ఈ విషయం అర్థం కాలేదు" అన్న వాక్యం కనబడితే నేను వెంటనే కొట్టేయిస్తాను. అలాగని నాలుగు లైన్ల థాంక్సూ అక్కర్లేదు. రివ్యూయర్ అడిగిన దాని వెనక ఒక నిజమైన సందేహం ఉంటుంది. ఇక్కడ ఆ సందేహం "మీ స్టడీ చిన్నదై తేడా దొరకలేదేమో" అని. దాన్ని ఒప్పుకుని, అడిగిన లెక్క బదులు దానికి సరైన జవాబివ్వాలి. రాసేది ఇంగ్లీషులోనే అయినా విషయం ఇలా ఉండాలి:

"స్టడీ సైజు గురించి రివ్యూయర్ అడిగింది ముఖ్యమైన ప్రశ్న. అయితే పోస్ట్ హాక్ పవర్ పి విలువ మీదే ఆధారపడుతుంది కాబట్టి దాన్ని చేర్చలేదు. బదులుగా, 1.0 గ్రాము వరకు ప్రయోజనం ఉండే అవకాశాన్ని మా ఫలితాలు కొట్టిపారేయలేవని డిస్కషన్‌లో రాశాం. 'రెండు మాత్రలూ సమానం' అన్న మాట తీసేశాం. మార్పులు 212-218 లైన్లలో ఉన్నాయి."

కాదన్న చోట కూడా పేపర్‌లో ఏదో ఒకటి మెరుగైంది చూడండి, ఎడిటర్‌కి మీ పక్షం నిలబడటం దాంతో తేలికవుతుంది. స్టడీకి ముందు శాంపిల్ సైజు లెక్క వేసి ఉంటే దాన్ని మెథడ్స్‌లో పెట్టండి. వేయకపోతే వేయలేదనే లిమిటేషన్స్‌లో రాయండి, ఇప్పుడు కూర్చుని వేసి ముందే వేసినట్టు రాయడం మోసం.

అపోహ: ఒప్పుకోని విషయం ఫైలు లోపలెక్కడో ఉంటే చాలు, మెయిల్‌లో ఎత్తకూడదు.

ఎడిటర్ ముందు చదివేది మెయిలే. మాన్యుస్క్రిప్ట్ నంబరు, అన్ని కామెంట్లకీ వరుసగా జవాబులు జతచేశామన్న మాట, ఆ తర్వాత "రెండో రివ్యూయర్ నాలుగో కామెంట్‌లో అడిగిన పోస్ట్ హాక్ పవర్ చేర్చలేదు, కారణం జవాబులో వివరించాం, మీ నిర్ణయం కోరుతున్నాం" అని ఒక్క వాక్యం. వాదనంతా మెయిల్‌లోకి తేవద్దు. ఇద్దరు రివ్యూయర్లు ఎదురెదురు మాటలు చెప్పినా ఇలాగే, మీరు ఏది పాటించారో ఎందుకో చెప్పండి.

రెండో రౌండ్‌లోనూ అదే కామెంట్ వస్తే పాత జవాబునే ఇంకా పెద్దగా తిరగరాయకండి. లైన్ నంబర్లు మళ్లీ చూపించి, ఈ ఒక్క అంశాన్ని స్టాటిస్టికల్ రివ్యూయర్‌కి పంపమని ఎడిటర్‌ని మర్యాదగా అడగండి.