అద్దె లేటైతే పెట్టే మెసేజ్: అపోహలు - వాస్తవాలు

బెంగళూరులో మారతహళ్లి, బెళ్లందూరు వైపు ఇళ్లు చూసుకోవడం నా పని. ఓనర్లు చాలావరకు నెల్లూరు, కడప, అనంతపురం వాళ్లు, ఊళ్లోనే ఉంటారు. అద్దె నాలుగు రోజులు లేటైతే అందరూ ఫోన్ చేసి అడిగేది ఒకటే, 'ఏమని మెసేజ్ పెట్టాలి?'

అపోహ: మర్యాదగా అడగాలంటే మెత్తగా అడగాలి.

"హాయ్ అండీ, బాగున్నారా, వీలు చూసుకుని అద్దె కాస్త చూడండి" అని పెడతారు. ఇందులో ఎంత కట్టాలో లేదు, ఎప్పటికి కట్టాలో లేదు. పైగా 'వీలు చూసుకుని' అన్నాక, వీలు కాలేదండీ అంటే ఇంక మీరేం అంటారు? మర్యాద 'అండీ'లో ఉంటే చాలు, అంకెలో, తేదీలో మొహమాటం అక్కర్లేదు. 5వ తేదీ గడువున్న ఇంటికి 9న నేను పెట్టేది ఇలా ఉంటుంది:

"నమస్తే అండీ. ఈ నెల అద్దె 24,000, మెయింటెనెన్స్ 2,500, మొత్తం 26,500 రూపాయలు 5వ తేదీకి రావాలి. ఈరోజు 9, ఇంకా అకౌంట్లో కనిపించలేదు. పంపేసి ఉంటే యూపీఐ రిఫరెన్స్ నంబర్ పెట్టండి, చూసుకుంటాను. లేకపోతే 11 సాయంత్రంలోగా పంపండి. అప్పటికి కుదరదనుకుంటే ఏ తేదీకి పంపుతారో ఈరోజే చెప్పండి."

'మీరు కట్టలేదు' అనలేదు, 'కనిపించలేదు' అన్నాను. వాళ్ల ఖాతాలో డబ్బు కట్ అయి మనకు జమ కాకుండా మధ్యలో పెండింగ్‌లో ఆగిపోవడం యూపీఐలో మామూలే, అలాంటప్పుడు నిందిస్తే మనమే మాట వెనక్కి తీసుకోవాలి. నిజంగా పంపినవాళ్లు ఆ 12 అంకెల నంబర్ వెంటనే పెడతారు. పంపనివాళ్లు 'బ్యాంక్ సర్వర్ ప్రాబ్లం' అని ఊరుకుంటారు, నంబర్ మాత్రం రాదు.

ఇక ఎక్కువగా వచ్చే జవాబు "సాలరీ పడలేదన్నా, మూడు రోజుల్లో వేస్తా." దానికి బొటనవేలు ఎమోజీ పెట్టి ఊరుకోకండి. "సరే అండీ, అంటే 12న 26,500 వస్తుందనుకుంటున్నాను" అని తేదీ, అంకె మీరే రాసి పెట్టండి. సగమే పంపితే, "15,000 అందింది, థాంక్స్ అండీ. మిగతా 11,500 ఏ తేదీకి?" అని అప్పుడే అడగండి. ఇవన్నీ వాయిస్ మెసేజ్‌లో కాదు, టైప్ చేయండి. రేపు గొడవైతే వెతుక్కోడానికి అక్షరం ఉండాలి.

అపోహ: అడ్వాన్స్ ఉందిగా, టెన్షన్ ఎందుకు.

ఇక్కడి ఓనర్ల ధీమా ఇదే. లెక్క వేయండి. అడ్వాన్స్ 1,20,000 అనుకుందాం. మూడు నెలల అద్దె ఆగితే 72,000 పోయింది, పెయింటింగ్ కింద ఒక నెల అద్దె పట్టుకోవడం బెంగళూరులో ఆనవాయితీ కాబట్టి ఇంకో 24,000. మిగిలింది 24,000, మెయింటెనెన్స్, కరెంట్ బాకీలు ఇంకా లెక్కలోకే రాలేదు. మనిషి మాత్రం ఇంట్లోనే ఉన్నాడు. 'అడ్వాన్స్‌లో పట్టుకోండి అన్నా' అని వాళ్లే అంటారు కూడా. దానికి జవాబు: "అడ్వాన్స్ ఖాళీ చేసేటప్పుడు తేల్చుకునే లెక్క అండీ, నెల అద్దె నెలకే రావాలి."

అపోహ: ఒక్కసారి బెదిరిస్తే దారికొస్తారు.

'రేపటికి పడకపోతే తాళం వేస్తా, కరెంట్ తీయిస్తా' అని రాసిన మెసేజ్ వాళ్ల ఫోన్‌లో మీకు వ్యతిరేకంగా సాక్ష్యం. అద్దె బాకీ ఉన్నా సరే, కోర్టు దారిలో కాకుండా మనిషిని బయటపెట్టే హక్కు ఓనర్‌కు లేదు. అపార్ట్‌మెంట్ గ్రూప్‌లో పేరు పెట్టడం కూడా ఇలాంటిదే, వద్దు.

గట్టిగా చెప్పాలంటే చేయగలిగిందే చెప్పండి. చెప్పిన తేదీ కూడా దాటితే నా రెండో మెసేజ్: "12న వేస్తామన్నారు, రాలేదు. 15లోగా 26,500 జమ కాకపోతే అగ్రిమెంట్ ప్రకారం ఖాళీ చేయమని నోటీసు పంపాల్సి వస్తుందండీ." నెలనెలా నడిచే అద్దె అయితే, అగ్రిమెంట్‌లో వేరేగా లేనప్పుడు, 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం ప్రకారం ఆ నోటీసుకు 15 రోజులు గడువివ్వాలి. అది వాట్సాప్‌లో కాదు, లాయర్ చేత రాయించి స్పీడ్ పోస్టులో పంపేది. పంపే ఉద్దేశం లేకపోతే నోటీసు ఊసే ఎత్తకండి.

అపోహ: లేట్ ఫీజు అంటే భయపడతారు.

అగ్రిమెంట్‌లో ఉంటేనే. లేనిది మెసేజ్‌లో కొత్తగా పుట్టిస్తే అసలు అద్దె సంగతి పక్కకుపోయి దాని మీదే వాదన నడుస్తుంది. ఉంటే, మొదటిసారి "ఈసారికి ఫీజు వదిలేస్తున్నాను, వచ్చే నెల నుంచి వర్తిస్తుంది" అని రాయండి. ఏమీ అనకుండా ప్రతి నెలా 12న తీసుకుంటూ పోతే మాత్రం, వాళ్ల లెక్కలో అద్దె తేదీ 12 అయిపోతుంది.