ఒకటో తరగతి గోడకు రెండు వరుసలు

హనుమకొండ

చిరంజీవులైన పిల్లలకు తాత ఆశీస్సులు.

ఒకటో తరగతి గదిలో గోడ మీద రాయడానికి మంచి మాటలు కావాలని ఐదో తరగతి వాళ్ళంతా కలిసి ఉత్తరం రాశారు. చాలా సంతోషం. మీరు పంపినవాటిలో మొదటిది "నిరంతర కృషితో విజయం నిశ్చయం". పెద్దవాళ్ళకైతే బాగుంటుంది. ఆరేళ్ళ పిల్లకు మాత్రం నిరంతరం అంటే తెలియదు, కృషి అంటే తెలియదు. అర్థం చెప్పినా, ఇప్పుడు ఏం చెయ్యాలో ఆ పిల్లకు తోచదు. చిన్నపిల్లలకు చెప్పే మాటలో వాళ్ళ చేతికి అందే పని ఒకటి ఉండాలి.

అందుకే నేను మాటలు పంపడం లేదు. ఒకటి ఎట్లా కట్టాలో చూపిస్తాను, మిగతావి మీరే కట్టండి.

ఒక చిన్న పాప పలక మీద 'ఖ' రాస్తోంది అనుకోండి. వంకరపోయింది. పలక పక్కన పడేసి "నాకు రాదు" అని కూర్చుంది. ఇప్పుడు ఆ పాప ఏం చెయ్యాలి? పలక తుడవాలి, మళ్ళీ రాయాలి. మన మాటకు ఆ రెండు పనులే చాలు, వరుసకు ఒకటి. మొదట నాకు ఇట్లా వచ్చింది:

తప్పు వస్తే తుడిచేద్దాం
మళ్ళీ రాస్తే తప్పే రాదు

ఇందులో రెండు చిక్కులున్నాయి. మళ్ళీ రాస్తే తప్పు రాదని మాట ఇస్తున్నాం. కానీ రెండోసారి కూడా 'ఖ' వంకరపోవచ్చు. అప్పుడు పాప ఆ మాటను ఇక నమ్మదు. చిన్నవాళ్ళకు నిజం కాని హామీ ఇవ్వకండి.

రెండో చిక్కు చప్పట్లు కొడితే బయటపడుతుంది. బతుకమ్మ చుట్టూ తిరుగుతూ అమ్మ వాళ్ళు చప్పట్లు కొట్టడం మీకు తెలుసు కదా, అట్లా వరుసకు నాలుగు కొట్టండి. 'తప్పు' త్వరగా అయిపోయి, 'వస్తే' చప్పట్ల కంటే ముందే వచ్చేస్తుంది. కారణం మాత్రలు, అంటే అక్షరం పలకడానికి పట్టే సమయం కొలతలు. పొట్టి అక్షరానికి ఒకటి, దీర్ఘానికి రెండు. ఒత్తక్షరానికి ముందున్న అక్షరం పొట్టిదైనా రెండే. అక్షరం పక్కన సున్నా ఉంటే దానికీ రెండు. ఒక్కో చప్పటకు నాలుగు మాత్రలు కావాలి. 'తప్పు'లో మూడే మాత్రలున్నాయి, 'వస్తే'లో నాలుగు. 'తప్పే' అంటే నాలుగూ నిండుతాయి.

తప్పే వస్తే తుడిచేద్దాం
మళ్ళీ మెల్లగ రాసేద్దాం

ఇప్పుడు చప్పట్లతో అనండి: తప్పే, వస్తే, తుడిచే, ద్దాం. మళ్ళీ, మెల్లగ, రాసే, ద్దాం. చివరి చప్పట్ల దగ్గర కాస్త ఊపిరి తీసుకునే చోటు కూడా మిగిలింది. 'మెల్లగ' అన్నది చప్పట్ల కోసం మాత్రమే పెట్టలేదు. పాప చెయ్యి తొందరపడటం వల్లే అక్షరం వంకరపోయింది కాబట్టి ఆ మాట అక్కడ కావాలి. ఇంకొకటి చూడండి. "తుడిచెయ్యి" అంటే హుకుం అవుతుంది, "తుడిచేద్దాం" అంటే పక్కన కూర్చున్నట్టు ఉంటుంది. నాకు అదే ఇష్టం.

మీలో ఒకరు పరుగు పందెం గురించి "పరుగు పెట్టు, బహుమతి పట్టు" అని రాశారు. ప్రాస చక్కగా కుదిరింది. కానీ బహుమతి వచ్చేది ఒకరిద్దరికి, పరుగెత్తేది గదిలో అందరూ. చివర వచ్చిన బాబు రోజూ ఆ గోడ చూడాలి కదా. దాన్ని ఇట్లా మార్చాను:

ముందో వెనకో పరుగెడదాం
గీతను దాటుతు నవ్వేద్దాం

గీత అందరూ దాటగలరు.

గోడ మీద రాసే ముందు మీ ఇంట్లో చెల్లెకో తమ్మునికో రెండుసార్లు చెప్పి వదిలెయ్యండి. సాయంత్రం అడగండి. చివరి మాటలు గట్టిగా అని నడుమ గొణిగితే, ఆ నడుమ మాట వాళ్ళకు కష్టమైనట్టు. దాన్ని తీసి తేలికది పెట్టండి. వాళ్ళే వేరే మాట పెట్టి అంటే, చప్పట్లకు సరిపోతే అదే ఉంచండి, మీదాని కంటే అదే మేలు. ఏడుస్తున్న పిల్లకు మాత్రం అప్పుడే చెప్పకండి. ముందు ఏడుపు ఆగనివ్వండి, బలపం మళ్ళీ చేతిలోకి తీసుకున్నాక చెప్పండి.

గోడ మీద వాళ్ళ కళ్ళకు అందే ఎత్తులో, పెద్ద అక్షరాలతో, ఒక్కో చోట రెండు వరుసలే రాయండి. నలుగురిలో మాట్లాడటానికి భయపడే పిల్లల కోసం ఒకటి కట్టి నాకు పంపండి, చప్పట్లు కొట్టి చూసి జవాబు రాస్తాను.

ఇట్లు,
మీ తాత